చిన్న బెల్లం పొడి ప్యాకింగ్ యూనిట్‌కు ఆడిట్ చెక్‌లిస్ట్: అన్నిటికీ టిక్కులే ఉన్నా సరుకు ఎందుకు తిరిగి వస్తోంది?

రేణిగుంట_బెల్లం

రేణిగుంట దగ్గర మాకు చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉంది. చిత్తూరు మార్కెట్లో బెల్లం కొని, పొడి చేసి, జల్లించి, 200 గ్రాముల పౌచ్‌లలో నింపి, బ్యాండ్ సీలర్ మీద మూతి అతికించి దుకాణాలకు పంపుతాము. మొన్నటి వానల తర్వాత, పొడి గడ్డకట్టిందని ఒక కొనుగోలుదారు కొన్ని పెట్టెలు తిప్పి పంపారు. ఆ వెంటనే వారి ఆడిటర్ వచ్చి మా రోజువారీ చెక్‌లిస్టులు తిరగేసి, "ఈ కాగితాల్లో ఏ రోజూ ఏ లోపమూ లేదు, మరి ఈ పౌచ్‌లు ఏ రోజువి?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

మా చెక్‌లిస్టులో 64 ప్రశ్నలు ఉన్నాయి. "సీలింగ్ సరిగా ఉందా?", "బరువు సరిగా ఉందా?", "యంత్రం శుభ్రంగా ఉందా?" అన్న తీరులో సాగుతాయి, పక్కన అవును, కాదు అని రెండు గడులు ఉంటాయి. దీన్ని తీసేసి కొత్తది రాసుకోవాలని నిర్ణయించుకున్నాను. ఎన్ని ప్రశ్నలు ఉండాలి, ఎలా రాయాలి, ఎవరు నింపాలి అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరా?

మదనపల్లె_టమాటా

కొత్తగా రాసుకోవలసిన అవసరం ఏముంది? తయారీ యూనిట్ల తనిఖీకి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి చెక్‌లిస్టే ఉంది కదా. దాన్ని ముద్రించుకొని నింపితే లైసెన్సు విషయంలో మీకు ఇబ్బంది రాదు.

రేణిగుంట_బెల్లం

లైసెన్సులో ఇబ్బంది ఏమీ లేదండీ. సరుకు తిరిగి రావడమే నా సమస్య.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

మామిడి గుజ్జు ఫ్యాక్టరీల నాణ్యతా విభాగాల్లో చాలాకాలం పనిచేశాను, ఇప్పుడు చిన్న యూనిట్లకు ఈ పనే చేసిపెడుతున్నాను. మదనపల్లె గారు చెప్పిన చెక్‌లిస్టు మంచిదే, దాన్ని వదలకండి. ఆహార లైసెన్సు నిబంధనల నాలుగో షెడ్యూల్లోని పరిశుభ్రత నియమాలను బట్టి తయారైన ఆ పట్టికలో నేల, నీరు, చీడపురుగుల నివారణ, పనివారి ఆరోగ్యం వంటివన్నీ ఉంటాయి. నక్షత్రం గుర్తు ఉన్న అంశాల్లో ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టు లెక్కించవచ్చు. భవనాన్ని, వసతులను చూసుకోవడానికి దాన్ని అలాగే వాడుకోండి. అయితే మీ పౌచ్ మూతి ఎక్కడ కారుతుందో ఆ పట్టికకు తెలియదు, అది మీరే రాసుకోవాలి.

మీ 64 ప్రశ్నల్లో రెండు వేర్వేరు కాగితాలు కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. పని జరుగుతుండగా పనిచేసేవారే నింపవలసిన రికార్డు ఒకటి. ఆ రికార్డు నిజంగా పనిచేస్తోందా అని నెలకొకసారి మరొకరు వచ్చి చూడవలసిన ఆడిట్ చెక్‌లిస్టు రెండోది. "సీలింగ్ సరిగా ఉందా?" అన్న ప్రశ్న ఈ రెండింటికీ పనికిరాదు, ఎందుకంటే ఏమి చూశాక అవును అనాలో అందులో లేదు.

ప్రశ్నలు రాయడానికి ముందు ఒక పని చేయండి. తిరిగి వచ్చిన పౌచ్‌లు మీ దగ్గరే ఉంటే పారేయకండి. పొడి ప్యాకింగ్ నాటికే తడిగా ఉందా, పౌచ్ లోపలికి తర్వాత చెమ్మ వెళ్ళిందా అన్నది ముందు తేలాలి. ఈ రెండింటికీ వేర్వేరు ప్రశ్నలు కావాలి.

తొట్టంబేడు_రాజు

ఇందులో తేల్చడానికి ఏమీ లేదు. సీలర్ ఉష్ణోగ్రత ఒక ఇరవై డిగ్రీలు పెంచండి, అతుకు గట్టిపడుతుంది. మా దగ్గర పప్పుల ప్యాకింగ్‌లో అలాగే చేశాము, ఆ తర్వాత ఫిర్యాదు రాలేదు.

పీలేరు_పల్లీలు

రాజు గారి మాట కొంతవరకు నిజమే కానీ మా అనుభవం వేరు. వేయించిన వేరుశనగ గుళ్ళు మేము ప్యాక్ చేస్తాము. మక్కు వాసన వస్తోందని ఫిర్యాదులు వస్తే ఫిల్మ్ పలుచగా ఉందనుకొని మందంగా ఉన్నది తెప్పించాము. ఖర్చు పెరిగింది, వాసన పోలేదు. చివరికి చూస్తే సీలర్‌లోని టెఫ్లాన్ పట్టీ ఒకచోట కాలి నల్లబడి ఉంది, ఆ మచ్చ తిరిగి వచ్చినప్పుడల్లా ఒక పౌచ్ మూతి సగమే అతుక్కుంటోంది. ఉష్ణోగ్రత చూపే అంకె మాత్రం రోజంతా సరిగానే ఉండేది.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

పప్పు గింజ మూతికి అంటదు, అందుకే రాజు గారికి వేడి పెంచితే సరిపోయింది. పొడి విషయం వేరు. అతుకు పడే చోట పొడి ఉంటే ఎంత వేడి చేసినా రెండు పొరల మధ్య ఆ పొడి అలాగే నిలుస్తుంది. వేడి మరీ పెంచితే ఫిల్మ్ ముడుచుకొని, అతుకు అంచున పెళుసెక్కి, పెట్టెలో సర్దేటప్పుడు అక్కడే చీలుతుంది. పైకి మాత్రం గట్టిగా అతికినట్టే కనిపిస్తుంది.

రేణిగుంట గారూ, తిరిగి వచ్చిన పౌచ్‌లను తెరవకుండా తూకం వేయండి. ప్యాకింగ్ రోజున ఎంత బరువు వేశారో మీకు తెలిస్తే దానితో పోల్చండి. పొడి మొదటి నుంచీ తడిగా ఉంటే గడ్డకట్టినా బరువు పెరగదు. చెమ్మ బయటి నుంచి వచ్చి ఉంటే ఆ మేరకు పౌచ్ బరువెక్కుతుంది. బెల్లం పొడి గాలిలోని తేమను బాగా పీలుస్తుంది కనుక ఈ తేడా మామూలు తూకంలోనే తెలిసిపోతుంది.

సుజాత_శ్రీకాళహస్తి

నేను ఒక పొడుల యూనిట్లో సూపర్‌వైజర్‌ను, ఇలాంటి కాగితాలు రోజూ నింపే వైపు నుంచి ఒక మాట చెప్తాను. 64 ప్రశ్నలను పని మధ్యలో ఎవరూ నింపలేరు. సాయంత్రం చేతులు కడుక్కున్నాక ఒకరు కూర్చొని, ఒకే పెన్నుతో, పై నుంచి కిందికి టిక్కులు పెట్టుకుంటూ పోతారు. ఒకవేళ "కాదు" అని పెడితే ఎందుకు కాదని యజమాని కోప్పడతారు, పెట్టకపోతే ఎవరూ ఏమీ అనరు. "కాదు" అని తేలితే ఏమి చేయాలో, ఎవరికి చెప్పాలో, యంత్రం ఆపే అధికారం తనకు ఉందో లేదో ఆ కాగితం మీదే రాసి ఉండాలి. అది రాయనంత వరకు ప్రశ్నలు ఎన్ని మార్చినా ఫలితం మారదు.

పీలేరు_పల్లీలు

ఒకే పెన్ను, ఒకే సిరా, ఒకే కోణంలో టిక్కులు. మా ఫైలు సుజాత గారు ఎప్పుడు చూశారో తెలియడం లేదు!

రేణిగుంట_బెల్లం

గుజ్జు క్యూఏ గారు చెప్పినట్టు తూకం వేశాను. మా ఖాళీ పౌచ్ 6 గ్రాములు, పొడి 201 గ్రాములు ఉండేలా నింపుతాము, అంటే మొత్తం 207 దగ్గర ఉండాలి. తిరిగి వచ్చిన ఒక పెట్టెలో 24 పౌచ్‌లు ఉన్నాయి. పొడి పొడిగానే ఉన్నవి 15, వాటి బరువు 206 నుంచి 208 మధ్య ఉంది. గడ్డకట్టినవి 9, అవన్నీ 210 నుంచి 213 మధ్య తూగాయి. ఇవన్నీ ఒకే బ్యాచ్, ఒకే రోజు నింపినవి. కాబట్టి పొడి తప్పు కాదు, చెమ్మ బయటి నుంచే వెళ్ళిందని అర్థమైంది.

ఆ తొమ్మిదింటినీ బకెట్ నీళ్ళలో ముంచి నొక్కి చూస్తే నాలుగింటికే బుడగలు వచ్చాయి. మిగతా ఐదింటి సంగతి తెలియడం లేదు.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

చేత్తో నొక్కే పరీక్షలో పెద్ద రంధ్రాలే బయటపడతాయి, సన్నని సందులు దొరకవు. ఆ ఐదింటినీ అడుగు వైపు కత్తిరించి పొడి తీసేయండి. లోపల మెత్తని పొడి బట్టతో తుడవండి. మూతి కిందికి ఉండేలా తలకిందులుగా పట్టుకొని, రంగు కలిపిన నీళ్ళు రెండు చెంచాలు పోయండి. ఆ నీళ్ళలో గిన్నెలు తోమే ద్రవం ఒక చుక్క వేస్తే సన్నని సందుల్లోకి కూడా పాకుతుంది. అతుకు బయటి అంచున తెల్ల టిష్యూ కాగితం ఆనించి ఐదు నిమిషాలు ఉంచండి. రంగు ఎక్కడ బయటికి వస్తుందో ఆ చోటును పెన్నుతో గుర్తు పెట్టండి. మీవి పక్క మడతలున్న పౌచ్‌లా?

రేణిగుంట_బెల్లం

అవును, రెండు వైపులా మడత ఉంటుంది. పరీక్ష చేశాను. ఐదింటికీ రంగు బయటికి వచ్చింది. మూడింటికి సరిగ్గా మడత ముగిసే గీత దగ్గర, రెండింటికి మూతి మధ్యలో వచ్చింది. మధ్యలో వచ్చిన చోట అతుకులో గోధుమ రంగు చారలు కంటికే కనిపిస్తున్నాయి, దీపం ముందు పెట్టి చూస్తే అది బెల్లం పొడేనని తెలుస్తోంది.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

మీ చెక్‌లిస్టులో సీలింగ్ భాగం ఈ తొమ్మిది పౌచ్‌ల నుంచే పుడుతుంది. మడత ఉన్న చోట నాలుగు పొరలు, మధ్యలో రెండు పొరలు ఉంటాయి. నాలుగు పొరలు రెండుగా మారే గీత దగ్గర ఒత్తిడి సరిగా పడకపోతే సన్నని సొరంగం మిగులుతుంది. దానికి మూల కారణం సీలర్‌లోని ఒత్తిడి చక్రం అరిగిపోవడమో, పౌచ్‌ను వంకరగా లోపలికి అందించడమో అయి ఉంటుంది. మధ్యలో కారడానికి కారణం వేరు, నింపేటప్పుడు మూతికి పొడి అంటడం.

కాబట్టి "సీలింగ్ సరిగా ఉందా?" అన్న ఒక్క ప్రశ్న స్థానంలో రోజువారీ రికార్డులో మూడు గడులు పెట్టుకోండి. మొదటిది, పని మొదలుపెట్టే ముందు టెఫ్లాన్ పట్టీని ఒక పూర్తి చుట్టు తిప్పి చూసి, కాలిన మచ్చ ఉందో లేదో రాయాలి. రెండోది, నింపే గరాటు కొస పౌచ్ మూతికి నాలుగు వేళ్ళ కిందికి దిగుతోందా, మూతి లోపలి అంచున వేలితో రాస్తే పొడి అంటుతోందా అన్నది చూడాలి. మూడోది, నిర్ణీత వ్యవధిలో ఒక్కోసారి మూడు పౌచ్‌లు తీసి రంగు నీళ్ళ పరీక్ష చేసి, ఎన్ని కారాయో, కారినవి ఎడమ మడత దగ్గరా, కుడి మడత దగ్గరా, మధ్యలోనా అన్నది రాయాలి. ఇక్కడ టిక్కుకు చోటు ఉండకూడదు, అంకె లేదా స్థానం మాత్రమే రాయగలిగేలా గడి ఉండాలి.

తొట్టంబేడు_రాజు

పక్క మడతల సంగతి నాకు తెలియదు, మావి మామూలు దిండు పౌచ్‌లు. నాకు ఒక సందేహం. ప్రతిసారీ మూడు పౌచ్‌లు కోసేస్తే రోజుకు ఎంత సరుకు పోతుంది? చిన్న యూనిట్ తట్టుకోగలదా? రోజుకు రెండుసార్లు చూస్తే చాలదా?

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

కోసిన మూడింటిని మాత్రమే లెక్కపెట్టకండి, ఆపవలసి వచ్చే సరుకును కూడా లెక్కపెట్టండి. ఒక తనిఖీలో లోపం దొరికితే, అంతకు ముందు మంచిదని తేలిన తనిఖీ దగ్గర నుంచి ఇప్పటిదాకా వచ్చిన సరుకంతా అనుమానితమే. రేణిగుంట గారి సీలర్ మీద నిమిషానికి ఆరు పౌచ్‌లు వస్తాయనుకుందాము, అంటే గంటకు 360. రెండు గంటలకొకసారి చూస్తే, లోపం దొరికిన రోజున 720 పౌచ్‌లు, అంటే 30 పెట్టెలు పక్కన పెట్టాలి. అరగంటకొకసారి చూస్తే 180, అంటే ఏడున్నర పెట్టెలు. రోజుకు రెండుసార్లే చూస్తే పూట సరుకంతా ఆగుతుంది, అప్పటికి కొంత లారీ ఎక్కి ఉంటుంది కూడా. ఎన్ని పెట్టెలు ఆపి మళ్ళీ చూసుకోగలరో దాన్నిబట్టి వ్యవధి నిర్ణయించుకోండి. పట్టీ మార్చిన తర్వాత, కరెంటు పోయి వచ్చిన తర్వాత, భోజన విరామం తర్వాత వచ్చే మొదటి పౌచ్‌లను మాత్రం వ్యవధితో సంబంధం లేకుండా చూడాలి.

సుజాత_శ్రీకాళహస్తి

మేము గంటకొకసారి చూస్తాము. అరగంట అంటే ఒక మనిషి ఆ పనిమీదే ఉండాలి, నలుగురితో నడిచే చోట అది కుదరదు. అయితే పెట్టెల మీద ఏ గంటలో ప్యాక్ చేశామో చాక్‌పీస్‌తో రాస్తాము. లోపం దొరికితే ఏ పెట్టెలు ఆపాలో వెతుక్కోవలసిన పని ఉండదు. ఇది రాయడానికి ఖర్చేమీ లేదు, రేణిగుంట గారు రేపే మొదలుపెట్టవచ్చు.

మదనపల్లె_టమాటా

బరువు గురించి ఎవరూ మాట్లాడలేదు. 200 గ్రాముల ప్యాకెట్‌కు 9 గ్రాముల వరకు తగ్గుదలను తూనికల నియమాలే అనుమతిస్తాయి. 201 నింపడం దేనికి? 195 నింపినా తప్పు కాదు కదా.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

ఆ 9 గ్రాములు ఒక్కొక్క ప్యాకెట్‌కు ఇచ్చిన హద్దు, మొత్తం సరుకుకు ఇచ్చిన మినహాయింపు కాదు. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నియమాల ప్రకారం, పరీక్షకు తీసిన ప్యాకెట్ల సగటు ముద్రించిన బరువుకు తగ్గకూడదు. కావాలని 195 నింపితే ప్రతి ప్యాకెట్ ఆ హద్దులోనే ఉండవచ్చు, కానీ సగటు తప్పుతుంది, కేసు నిలుస్తుంది. 201 సరైన లక్ష్యమే. రికార్డులో ఐదు పౌచ్‌ల నికర బరువులు విడివిడిగా రాసి, కింద సగటు రాయాలి. పొద్దున తూకం మీద 200 గ్రాముల రాయి పెట్టి అది చూపిన అంకెను కూడా రాయాలి. ఐదు అంకెలూ ప్రతిరోజూ 201, 201, 201 అనే ఉంటే, తూకం వేయకుండానే రాశారని ఆడిటర్‌కు ఇట్టే తెలిసిపోతుంది.

పీలేరు_పల్లీలు

ముద్రణ విషయంలో మేము ఒక పద్ధతి పెట్టుకున్నాము, అది చాలా ఉపయోగపడింది. ప్రతి బ్యాచ్ మొదటి పౌచ్ మీద బ్యాచ్ నంబరు, ప్యాకింగ్ తేదీ, గడువు తేదీ, ధర ముద్రించిన ముక్కను కత్తిరించి ఆ రోజు కాగితానికి పిన్ చేస్తాము. "తేదీ సరిగా ముద్రించారా?" అన్న ప్రశ్న తీసేశాము. ఇప్పుడు ముక్క ఉందా లేదా అన్నదే ప్రశ్న. 2020 లేబులింగ్ నియమాల తర్వాత గడువు తేదీ తప్పనిసరి అయింది కదా, "ఇన్ని నెలల లోపు వాడితే మేలు" అని మాత్రమే ముద్రించిన పాత పౌచ్‌లు ఒకసారి ఇలాగే బయటపడ్డాయి.

రేణిగుంట_బెల్లం

రోజువారీ రికార్డు ఇప్పుడు ఒక పేజీకి వచ్చింది. గుజ్జు క్యూఏ గారూ, రెండో కాగితం, అంటే నెలవారీ ఆడిట్ చెక్‌లిస్టులో ఏమి ఉండాలి? అదే పేజీని మళ్ళీ నింపడం కాదు కదా?

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

కాదు. ఆడిట్ చేసేవారు రికార్డును నమ్మకుండా, దాన్ని పరీక్షించాలి. మీ యూనిట్‌కు నేనైతే నాలుగు పనులు రాస్తాను, ప్రతిదానికీ సాక్ష్యం ఏమిటో కూడా రాస్తాను.

సీలర్ దగ్గర ఉన్నవారిని రంగు నీళ్ళ పరీక్ష మీ ఎదుట చేసి చూపమని అడగాలి. వారికి ముందుగా చెప్పకుండా, మూతిలో కొంచెం పొడి పెట్టి అతికించిన ఒక పౌచ్‌ను ఆ మూడింటిలో కలపాలి. దాన్ని పట్టుకున్నారా, పట్టుకున్నాక యంత్రం ఆపి, వెనకటి పెట్టెలను పక్కన పెట్టారా అన్నది రాయాలి. ఆ పౌచ్‌కు మీరే రహస్య గుర్తు పెట్టుకొని తర్వాత తప్పకుండా వెనక్కి తీసుకోండి, అది సరుకులో కలవకూడదు.

తర్వాత గోడౌన్‌లోకి వెళ్ళి మీకు తోచిన ఒక పెట్టె తీసి, దాని బ్యాచ్ నంబరు పట్టుకొని వెనక్కి వెళ్ళాలి. ఆ గంట సీల్ పరీక్ష ఫలితం, ఆ రోజు బరువులు, ఆ పొడి ఏ బెల్లం లాటు నుంచి వచ్చింది, ఆ లాటు ఎవరి దగ్గర కొన్నారు అన్నవి వరుసగా కాగితం మీద దొరకాలి. ఎక్కడ తెగిందో అక్కడ రాయాలి. మూడోది, గత నెలలో లోపం నమోదైన ఒక రోజును ఎంచుకొని, ఆపిన పెట్టెలు చివరికి ఏమయ్యాయో అడగాలి. నెలంతా ఒక్క లోపమూ నమోదు కాకపోతే, దాన్నే ఒక లోపంగా రాయాలి. నాలుగోది, ఆ నెల వచ్చిన ఫిర్యాదును తీసుకొని, దాన్ని పట్టుకోగల గడి రోజువారీ పేజీలో ఉందా అని చూడాలి. లేకపోతే ఒకటి చేర్చాలి, అవసరం తీరిన మరొకదాన్ని తీసేయాలి. పేజీ ఒకటి దాటకూడదు.

సుజాత_శ్రీకాళహస్తి

"లోపమే నమోదు కాకపోతే దాన్నే లోపంగా రాయాలి" అన్న దానితో నేను పూర్తిగా ఏకీభవించలేను. నిజంగానే మంచిగా నడిచిన నెలలు ఉంటాయి. ఆ మాట కాగితం మీద ఉంటే, ఆడిట్ వస్తోందని తెలిసి మావాళ్ళు లేని లోపం ఒకటి రాసిపెడతారు.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

మీ అభ్యంతరం న్యాయమైనదే. అయితే "లోపం నమోదు కాని నెలలో, ఆడిటర్ స్వయంగా పది పౌచ్‌లు పరీక్షించాలి" అని మార్చుకుందాము. పదీ బాగుంటే రికార్డు నిజమని ఒప్పుకోవచ్చు.

తొట్టంబేడు_రాజు

ఆడిట్ ఎవరు చేయాలి? యజమానే చేస్తే తన పనిని తానే తనిఖీ చేసుకున్నట్టు కాదా?

పీలేరు_పల్లీలు

రేణిగుంట గారికి అభ్యంతరం లేకపోతే నేను వారి యూనిట్‌కు వస్తాను, వారు మా యూనిట్‌కు రావచ్చు. మాది పల్లీ, వారిది బెల్లం, పోటీ ఏమీ లేదు.

రేణిగుంట_బెల్లం

తప్పకుండా రండి. ఒక్క విషయం ఇంకా తేలలేదు. సీల్ పరీక్షలో లోపం దొరికి పక్కన పెట్టిన పెట్టెల్లో, పొడి ఇంకా పొడిగానే ఉన్న పౌచ్‌లను తెరిచి కొత్త పౌచ్‌లలో నింపవచ్చా? అలా నింపితే ఏ తేదీ ముద్రించాలి?

సుజాత_శ్రీకాళహస్తి

మా దగ్గర అదే రోజు దొరికితేనే తిరిగి నింపుతాము, మళ్ళీ జల్లెడ పడతాము, బ్యాచ్ నంబరు, తేదీలు పాతవే ఉంచుతాము. మరుసటి రోజు దొరికితే నింపము.

గుజ్జు_క్యూఏ_చిత్తూరు

తేదీ పాతదే ఉండాలన్నది సరైనది, గడువును కొత్తగా లెక్కపెట్టకూడదు. ఒక్క రోజు హద్దు అన్నది మాత్రం మీ పొడికి ఎంత సరిపోతుందో తూకం వేసి చూడకుండా నేను చెప్పలేను. ముందుగా మూతి తెరిచిన ఒక పౌచ్‌ను గోడౌన్‌లోనే ఉంచి, పొద్దున, సాయంత్రం తూకం వేస్తూ, ఎప్పుడు గడ్డకట్టడం మొదలైందో బరువుతో సహా రాసి ఇక్కడ పెట్టండి. వానల రోజున ఒకసారి, ఎండ రోజున ఒకసారి చేయాలి.

రేణిగుంట_బెల్లం

ఈ రోజు ఆకాశం మబ్బుగానే ఉంది, ఇప్పుడే ఒకటి తెరిచి తూకం మీద పెట్టాను. 207 చూపిస్తోంది. సాయంత్రం అంకె ఇక్కడే రాస్తాను.